పెట్టెను ముట్టుకోని చెయ్యి

మా ఆడపడుచుని నేను టకటకమ్మ అంటాను. ఆసుపత్రి డాక్టర్లు రోగుల గురించి నోట్లో నోట్లో గొణిగి పంపే రికార్డింగులు విని, వాటిని కంప్యూటర్‌లో టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్లు, బల్ల కింద కాలితో తొక్కే చిన్న పెడల్. తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూసుకుంటాడు. "మీ అన్నయ్యకి కూడా ఇలాంటిదొకటి దొరికితే బాగుండు" అంటే నవ్వేది. నోరు తెరవకుండా నవ్వడం ఆమె అలవాటు. పెళ్ళయిన తర్వాత వచ్చిన అలవాటు అది.

ఆ పెళ్ళి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ మనిషి కొట్టేవాడు కాదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని మా ఆయన చాలాకాలం వేలాడాడు. "కొట్టడు, తాగడు, ఇంకేం కావాలే?" అనేవాడు. కొట్టకుండా మనిషిని అరగదీయవచ్చని మా ఆయనకి తెలియదు. అతను చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి నిలబడేవాడట. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో ఉన్న మనిషి ఎప్పుడో తల తిప్పి చూసి ఉలిక్కిపడితే, పగలబడి నవ్వి "కుందేలూ" అనేవాడట. ఎవరితో ఫోన్‌లో ఏం మాట్లాడిందో సాయంత్రం అన్నం తింటూ ఆమెకే అప్పజెప్పేవాడట. ఎలా తెలుసని అడిగితే, "నాకు అన్నీ తెలుస్తాయి" అనేవాడు. తొమ్మిదేళ్ళు కాపురం చేసి, ఒక సంచీలో బట్టలు, ఇంకో సంచీలో కంప్యూటరు సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

మాది ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు. మా ఆయన అద్దం కోస్తాడు, నేను చట్రాలు బిగిస్తాను. షాపు వెనకే ఉన్న మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. షాపుకి రెండు వీధుల అవతల, రెండో అంతస్తులో రెండు గదులు చూసిపెట్టాం. జీవితంలో మొదటిసారి సొంతంగా ఒక తాళం చెవి ఆమె చేతికి వచ్చింది. ఆ ఇంటి అడ్రస్ అతనికి చెప్పవద్దని మా ఆయన చేత ఒట్టు వేయించుకుంది. ఆయన నిజంగానే చెప్పలేదు, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోవాలి.

ఇల్లు కుదిరాక నెట్ కావాలి. అప్పుడు అతనే మా ఆయనకి ఫోన్ చేశాడు. "ఇక్కడి కనెక్షన్ తనే తీసుకెళ్ళనివ్వండి బావగారూ. ఏడాదికి ముందే కట్టేశాను. తన పని ఆగకూడదు." నెట్ వచ్చే పెట్టె, అదే రూటర్, కూడా మనిషి చేత మా షాపుకి పంపాడు. కనెక్షన్ కొత్త ఇంటికి మార్చడానికి తన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ నంబరు కూడా వెంటనే చెప్పేశాడు. అడ్రస్ ఎక్కడని మాటవరసకైనా అడగలేదు. మా ఆయన కరిగి నీరైపోయాడు. "చూశావా, ఎంత మంచి మనసో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ ఎందుకు మండిందో చెప్పలేకపోయాను.

కొత్త ఇంట్లో కొన్ని వారాలు హాయిగా గడిచాయి. కంటినిండా నిద్రపోయిన కళ ఆమె ముఖంలో కనబడింది. తర్వాత ఒకరోజు పని మధ్యలో నెట్ ఆగిపోయింది. పెట్టె మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కంప్యూటరు మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది. పాతది కొడితే తప్పంటోంది. కంపెనీ మనిషి వచ్చి, పెట్టె వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి, మళ్ళీ మొదటికి తెచ్చాడు. అడుగున స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్ పని చేసింది.

"ఎవరో మార్చారండీ" అన్నాడు కంపెనీ మనిషి.

"ఎవరు మారుస్తారు? నేనొక్కదాన్నే ఉంటాను."

"పెట్టె దానంతటది మారదు కదండీ. ఇంట్లో కూర్చుని, ఈ నెట్‌లోకి ఎక్కి, రూటర్ పేజీ తెరిస్తేనే మార్చగలరు. ఎవరైనా వచ్చిపోతుంటారేమో చూసుకోండి."

ఆ మాట కంపెనీ మనిషి మామూలుగానే అన్నాడు. కానీ ఆ పూట నుంచి ఆమెకి నిద్ర కరువైంది. రూటర్ పేజీకి కూడా ఆ కంపెనీ మనిషి చేతే కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకుంది. అయినా నాలుగు రోజులకి మళ్ళీ అదే వరస. ఈసారి పిన్ను తనే గుచ్చుకుంది. ఆ తర్వాత ఒక ఉదయం కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చి ఫోన్ చూసుకుంటే, వైఫై పేరే మారిపోయి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా, కుందేలు అని ఉంది.

కూరల సంచీతోనే మా షాపుకి పరిగెత్తుకొచ్చింది. నేను మేకు కొడుతున్నాను. ఆమె నా సుత్తి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదినా, ఆయన నేను లేనప్పుడు ఇంట్లోకి వస్తున్నారు."

"తాళం ఉందిగా?"

"తాళం వేసే వెళ్ళాను. వేసినట్టే ఉంది. ఏ వస్తువూ కదలలేదు. పెట్టె మాత్రమే ముట్టుకుని వెళ్ళారు."

వస్తువు పోతే దొంగ అనుకుంటాం. ఏమీ ముట్టుకోకుండా, నేను వచ్చానని మాత్రం చెప్పి వెళ్ళేవాణ్ణి ఏమనుకోవాలి? ఆ రోజే తాళం మార్పించాం. కిటికీ గొళ్ళేలు బిగించాం. ఇంటి ఓనరమ్మని నిలదీస్తే, తన దగ్గరున్న రెండో తాళం చెవి డబ్బాలోంచి తీసి చూపించింది పాపం.

తాళం మారినా పేరు మారడం ఆగలేదు. 'నిద్ర పట్టిందా' అని ఒకసారి వచ్చింది. 'తాళం వేశావా' అని ఇంకోసారి వచ్చింది. ఆ పేరు చుట్టుపక్కల ఎవరి ఫోన్‌లోనైనా కనబడుతుంది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆమెకి మాత్రమే అర్థమవుతుంది. పని ఆలస్యమై ఆసుపత్రి వాళ్ళ చేత మాటలు పడింది. స్నానానికి వెళ్ళాలన్నా నాకు ఫోన్ చేసి, లైన్‌లో ఉండమని, ఫోన్ గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేది. నేను షాపులో కూర్చుని నీళ్ళ చప్పుడు వింటూ ఉండేదాన్ని.

సరిగ్గా అప్పుడే అతని దగ్గర నుంచి మా ఆయనకి రాయబారం వచ్చింది. ఒంటరిగా ఆడమనిషి, రోజులు బాగాలేవు, తను మారాడు, ఆదివారం మా ఇంటికి వచ్చి మాట్లాడి తీసుకెళ్తాడట. మా ఆయన నా ముఖం చూడకుండా, అద్దం తుడుస్తూ చెప్పాడు.

"ఏవండీ, మీకు బుద్ధుందా?"

"నన్నేం చెయ్యమంటావే? అది అక్కడ భయంతో చస్తోంది. ఇంట్లోకి ఎవడో వస్తున్నాడు. కనీసం అక్కడైతే..."

"అక్కడైతే వచ్చేవాడెవడో తెలుస్తుందనా?"

నేను వెటకారంగా అన్న మాటే ఆమె మర్నాడు నిజంగా అంది. "వెళ్ళిపోతాను వదినా. ఆ ఇంట్లో ఎటు నుంచి వస్తారో తెలుసు. ఇక్కడ తెలియడం లేదు." సంచీ అప్పటికే మంచం మీద పెట్టి ఉంది. ఆదివారానికి ఎంతో దూరం లేదు.

"ఇవాళ నేను నీతో కూర్చుంటాను. వాడు ఎలా వస్తాడో చూస్తాను" అన్నాను. షాపు మా ఆయనకి వదిలేసి, అద్దం కోసే గదిలోంచి పెద్ద సుత్తి కూడా తెచ్చుకున్నాను. నవ్వకండి. లోపల గడియ పెట్టి, బీరువా, మంచం కింద, స్నానాల గది అన్నీ వెతికి, పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ఆమె మళ్ళీ పిన్ను గుచ్చి, నెట్ కలుపుకుని పనిలో పడింది. ఊరికే కూర్చోలేక నా ఫోన్ కూడా ఆ వైఫైకే కలుపుకుని వంటల వీడియోలు పెట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం. బయట ఎవరో పరుపు దులుపుతున్నారు.

వీడియో ఆగిపోయింది. టకటక కూడా ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి పెట్టె వైపు చూశాం. ఒక దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది. మా ఇద్దరి మధ్యా, మా కళ్ళెదురుగా, ఎవరి చెయ్యీ దాన్ని ముట్టుకోలేదు. నా ఫోన్‌లో వైఫై పేర్లు తెరిచాను. కొత్త పేరు వచ్చింది.

'వదిన వచ్చిందా.'

సుత్తి నా చేతిలోంచి జారి కింద పడింది. గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది, అది నాదేనని తర్వాత తెలిసింది. ఆమె కుర్చీలోంచి లేవకుండానే గోడకి అతుక్కుపోయింది. నేను వెతికిన చోట్లే మళ్ళీ వెతికాను. గోడలో కెమెరా ఉందేమోనని మేకులు కూడా తడిమాను. భయంలో మనిషికి బుద్ధి ఉండదు, కానీ నాకు భయం ముదిరితే కోపం వస్తుంది. అదొక్కటే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. పెట్టె అడుగున ఉన్న కంపెనీ నంబరుకి ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయిని ఎడాపెడా కడిగేశాను. ఆ పిల్ల ఓపికగా విని, పెట్టె నంబరు అడిగి చూసింది.

"మేడమ్, అది ఇప్పుడే మీ అకౌంట్ పేజీ నుంచి మార్చారండీ."

"ఏ పేజీ? మేమెవరం పెట్టె ముట్టుకోలేదు."

"పెట్టె ముట్టుకోనక్కర్లేదండీ. మా వెబ్‌సైట్‌లో మీ అకౌంట్‌లోకి లాగిన్ అయితే వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. కన్ను గుర్తు నొక్కితే ఇప్పుడున్న పాస్‌వర్డ్ కనబడుతుంది. మార్చి సేవ్ చేస్తే లైన్ మీదుగా ఒకటి రెండు నిమిషాల్లో పెట్టెలో మారిపోతుంది. ఎక్కడి నుంచైనా చెయ్యొచ్చు. పెట్టె ఆన్‌లో ఉంటే చాలు."

"నేను ఇక్కడ ఉన్నట్టు ఎలా తెలిసింది?"

"అర్థం కాలేదండీ. నెట్‌కి ఏయే ఫోన్లు కలిసున్నాయో కూడా ఆ పేజీలో పేర్లతో ఉంటాయి."

నా ఫోన్ పేరు మా షాపు పేరే. ఆ పిల్ల చెప్పుకుపోతోంది. "లాగిన్ మర్చిపోతే ఇబ్బంది లేదండీ, రిజిస్టర్ అయిన నంబరుకి ఓటీపీ పంపిస్తాను. చివర డెబ్భై రెండు కదా, పంపనా?"

డెబ్భై రెండు అతని నంబరు. నేను సరే అనేలోపే టకటకమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేసింది. "పంపితే ఆయనకి తెలిసిపోతుంది వదినా, మనకి తెలిసిందని" అంది. అంత తొందరగా ఆమె బుర్ర పని చెయ్యడం నేను చాలాకాలం తర్వాత చూశాను.

తర్వాత నేల మీద కూలబడి ఏడ్చింది. "రాలేదు. ఇంట్లోకి రాలేదు. రానే లేదు" అని అదే మాట అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కనెక్షన్ అతని పేరు మీద, అతని నంబరు మీద ఉండిపోయిందని, బిల్లు అతనే ముందుగా కట్టేశాడు కాబట్టి ఆ పేజీ ఒకటుందని కూడా మాకెవరికీ తట్టలేదని అప్పుడు అర్థమైంది. మేము తాళాలు మార్చుకుంటూ కూర్చున్నాం, అతను తన ఇంట్లో కాలు మీద కాలేసుకుని మా పాస్‌వర్డ్ చదువుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. పాత కనెక్షన్ ఆమె పేరుకి మార్చాలంటే అతని ఒప్పుకోలు కావాలన్నాడు కౌంటర్‌లో గుమాస్తా. అయితే నా పేరు మీద కొత్తది ఇవ్వండి, నా నంబరే పెట్టండి అంది టకటకమ్మ. గుర్తింపు కార్డు ఇచ్చాక గుమాస్తా ఆమె పేజీ తెరిచి, ఎక్కడ ఏముంటుందో స్క్రీన్ ఇటు తిప్పి చూపించాడు. పైన ఆమె పేరు. దాని కింద ఇంటి నంబరు, వీధి, రెండో అంతస్తు, నీలం గేటు.

ఆమె ఆ వరస దగ్గరే ఆగిపోయింది.

"ఇది... పాత కనెక్షన్ పేజీలో కూడా ఉంటుందా అండీ?"

"ఉంటుందమ్మా. షిఫ్ట్ చేయించారు కదా, కొత్త అడ్రసే ఉంటుంది."

కనెక్షన్ మార్పించేటప్పుడు నీలం గేటు అన్న గుర్తు ఆమే స్వయంగా చెప్పింది, కంపెనీ మనిషి వెతుక్కోకుండా రావాలని. అడ్రస్ అతను ఎందుకు అడగలేదో నాకు అప్పుడు బోధపడింది. ఇంట్లోకి రాలేదన్న నిశ్చింత దారిలోనే ఆవిరైపోయింది. రాలేదు సరే, ఎప్పుడైనా రాగలడు. తిరిగి నడుస్తుంటే ఆమె నా కొంగు పట్టుకుని నడిచింది, చిన్నపిల్లలా.

మర్నాడు కొత్త పెట్టె బిగించారు. పాతదాన్ని పీకి పారేద్దామన్నాను. "వద్దు వదినా. అది వెలుగుతూనే ఉండనీ. ఆపితే మనకి తెలిసిపోయిందని అర్థమై ఈ క్షణమే వస్తారు" అంది. దాన్ని గది మూలకి జరిపి, ఏదీ దానికి కలపకుండా ఉంచింది. పేరు మారినప్పుడల్లా తన ఫోన్‌లో ఫోటో తీసి దాచింది.

కొత్తదాన్ని మాత్రం నా వంటింట్లో కూర్చుని పరీక్షించింది. తన ఫోన్‌లో మొబైల్ డేటాతో కంపెనీ వెబ్‌సైట్ తెరిచింది. ఓటీపీ ఈసారి ఆమె ఫోన్‌కే వచ్చింది. చుక్కల పక్కన కన్ను గుర్తు నొక్కితే బిగించిన మనిషి పెట్టిన పాస్‌వర్డ్ బయటపడింది. దాన్ని చెరిపి, నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకొకటి కొట్టి, సేవ్ నొక్కింది. రెండు వీధులు నడిచి ఆమె గదికి వెళ్ళి చూస్తే, బల్ల మీద కంప్యూటరు నెట్ పోగొట్టుకుని కొత్త పాస్‌వర్డ్ అడుగుతోంది.

"ఇంత తేలికా?" అంది. నవ్వుతుందనుకున్నాను. ఆమెకి వణుకు వచ్చింది.

మా ఆయనకి ఇవన్నీ చెప్పినప్పుడు ఆయన సగమే నమ్మాడు. "పేరు ఎవరైనా మార్చి ఉండొచ్చుగా" అన్నాడు. సరే, ఆదివారం దాకా ఆగండి అన్నాను. ఆదివారం పొద్దున్నే చెల్లెల్ని మా ఇంటికి తీసుకురావడానికని ఇద్దరం ఆమె గదికి వెళ్ళాం. మెట్లెక్కి కూర్చున్నామో లేదో, తలుపు ఎవరో తట్టారు. మెల్లగా, ఒక వేలితో.

తనే వెళ్ళి తలుపు తీసింది.

అతను తెల్లచొక్కా వేసుకుని, పళ్ళ సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల మేమిద్దరం ఉంటామని అనుకోలేదని ముఖంలోనే తెలిసింది. అయినా క్షణంలో నవ్వు తెచ్చుకున్నాడు. "బావగారూ, మీరూ ఇక్కడే ఉన్నారా? మంచిదే. ఈవిడ ఇంట్లోకి ఎవరో వస్తున్నారటగా, భయపడుతోందని మీరన్నప్పటి నుంచి మనసు ఆగలేదు. అందుకే తిన్నగా ఇటే వచ్చేశాను."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అడ్రస్ ఎవరు చెప్పారు?"

"మీరే కదా చెప్పారు."

మా ఆయనకి లక్ష లోపాలుండొచ్చు. ఒట్టు వేసి తప్పే మనిషి కాదు. ఆ అబద్ధం ఎదురుగా విన్న తర్వాత ఆయన ముఖం చూడాలి. అద్దం పగిలినప్పుడు కూడా అలా చూడలేదు.

అతను ఆయన్ని వదిలేసి ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించి "పద కుందేలూ" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. నేను చూశాను. భుజాలు పైకి లేచాయి, పాత అలవాటు అంత త్వరగా పోదు. కానీ వెనక్కి అడుగు వెయ్యలేదు. గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"నా ఇంట్లోకి ఎవరూ రాలేదు. మీరు రావడమే మొదటిసారి. లోపలికి రావద్దు" అంది. మాట వణికింది, అయినా పూర్తి చేసింది. తలుపు వేసేసింది.

గడియ పెట్టడానికి ఆమె వేళ్ళు సహకరించలేదు. నేను సాయం పట్టబోతే మోచేత్తో అడ్డుకుని, మూడో ప్రయత్నంలో తనే పెట్టుకుంది. బయట ఏ చప్పుడూ లేదు. అతను దిగి వెళ్ళాడో, అక్కడే నిలబడ్డాడో తెలియడం లేదు. ముగ్గురం తలుపు వైపే చూస్తున్నాం.

ఆమె ఫోన్ తీసుకుని, దాచుకున్న ఫోటోలన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

"అన్నయ్యా, పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పద."

"కాసేపు ఆగమ్మా, వాడు వెళ్ళనీ" అన్నాడు మా ఆయన.

"వెళ్ళాడో లేదో ఎలా తెలుస్తుంది? నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. అందుకే ఇప్పుడే వెళ్దాం."

అని, ఇందాక అంత కష్టపడి పెట్టిన గడియ తనే తీసింది.